ఇస్టూడెంట్స్, ఇస్టాండప్

ప్రశ్న: నేను శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు బడిలో మూడు, నాలుగు తరగతులకు ఇంగ్లీషు చెప్తాను. వయసు 31. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. మొన్న పేరెంట్స్ మీటింగులో ఒకాయన అందరి ముందూ, "టీచరుగారు ఇస్టూడెంట్స్, ఇస్టాండప్ అంటున్నారు, మావాడూ అలాగే అంటున్నాడు" అన్నారు. దసరా సెలవులయ్యేలోగా సరిచేసుకోమని హెడ్మాస్టరుగారు చెప్పారు. అప్పట్నుంచి క్లాసులో నోరు తెరవాలంటే భయం. జాగ్రత్త పడబోయి నిన్న 'ఎస్కేప్'ని 'స్కేప్' అనేశాను. మా ఆయన విశాఖపట్నంలో శని, ఆదివారాలు కోర్సులో చేరమంటున్నారు. ఫీజు 12,000. ఇంట్లో మా అత్తగారు ఇస్కూలు, ఇస్టవ్వు అంటారు. పాపకి అదే అలవాటవుతుందని అడ్డం వెళ్తే, "ఇస్కూలు అనకపోతే మరేటనాలే?" అని నొచ్చుకున్నారు. కోర్సులో చేరాలా? అత్తగారికి చెప్పాలా, ఊరుకోవాలా?
— ఒక పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: కోర్సు సంగతి తర్వాత చూద్దాం. ముందు 'హైస్కూలు' అనండి. ఆ తర్వాత 'బస్టాండు' అనండి. హై ఇస్కూలు అనీ, బస్సు ఇస్టాండు అనీ మీరు అనలేదు కదా. మీ అత్తగారిని అడిగినా హైస్కూలు అనే అంటారు. అంటే స్క, స్ట పలకడం మీ నాలుకకి వచ్చు. 'పుస్తకం', 'ఆస్పత్రి', 'వస్తాను', 'మాస్టారు' అంటూ రోజంతా పలుకుతూనే ఉన్నారు. చిక్కు ఆ అక్షరాలతో కాదు, అవి మాట మొదట్లో రావడంతో.

అలా ఎందుకో ఒకసారి అర్థమైతే సగం భయం పోతుంది. 'పుస్తకం' మెల్లగా విడదీసి అనండి: పుస్, తకం. ఆ స్ త మీద కూర్చోలేదు, ముందున్న పు మీద ఆనుకుంది. హైస్కూలులోనూ అంతే: హైస్, కూలు. మన నోటికి స్ ఇలా ముందు అచ్చుకి ఆనుకోవడమే అలవాటు. 'స్కూల్'లో దానికి ఆనుకోవడానికి ముందు ఏమీ లేదు. అందుకని నోరు తనే ఒక ఇ తెచ్చి అక్కడ పెడుతుంది: ఇస్, కూల్. అలా ఒక దెబ్బలో పలకాల్సిన మాట రెండు దెబ్బలవుతుంది. వినేవాళ్ళ చెవికి తగిలేది ఇదే. మన ట, మన ర ఇంగ్లీషువాళ్ళవి కాకపోయినా ఎవరికీ అడ్డు కావు. మాటలో ఒక దెబ్బ పెరిగితే మాత్రం మాట ఆకారమే మారిపోతుంది.

అన్ని జంట హల్లుల ముందూ ఈ ఇ రాదు, గమనించారా? శ్రీకాకుళాన్ని గబగబా సీకాకుళం అనేవాళ్ళున్నారు గానీ, ఇశ్రీకాకుళం అన్నవాళ్ళు లేరు. శ్రీను సీను అవుతాడు, స్వామి సామి అవుతాడు. శ్రీ అన్నప్పుడు నోరు కొంచెం కొంచెంగా తెరుచుకుంటూ పోతుంది. కష్టమనిపిస్తే మధ్యలో ఉన్న ర జారిపోతుంది, అంతే. స్ట, స్క, స్ప అలా కాదు. స్ దగ్గర గాలి పోతూ ఉంటుంది, వెంటనే ట దగ్గర పూర్తిగా మూసుకుంటుంది, మళ్ళీ తెరుచుకుంటుంది. ఆ మూతకి ఇవతలే మిగిలిపోయిన స్ కోసం వచ్చే ఆసరా ఈ ఇ. కాబట్టి మీరు కాపలా కాయాల్సింది ఎస్ తర్వాత ట, క, ప వచ్చే మాటల దగ్గరే. 'స్లో', 'స్మాల్' లాంటి వాటిలో ముందు ఇ రావడం తక్కువ. వాటిలో కొందరు మధ్యలో అచ్చు పెట్టి 'సిలో' అంటారు. మీకు ఆ అలవాటు లేకపోతే వాటి జోలికి పోకండి.

ఇది తెలుగువాళ్ళ లోపమని ఎవరైనా అంటే నమ్మకండి. లాటిన్‌లో 'స్కోలా' అన్న మాటే స్పానిష్‌లో 'ఎస్క్వేలా', ఫ్రెంచిలో 'ఎకోల్' అయింది. ఫ్రెంచివాళ్ళు ముందు ఎ చేర్చారు, తర్వాత స్ కూడా వదిలేశారు. ఇంగ్లీషులోనే 'స్టేట్', 'ఎస్టేట్' రెండూ ఒకే లాటిన్ మాట నుంచి వచ్చాయి. పాత ఫ్రెంచి నోటిలో ముందు చేరిన ఎ రెండోదాంట్లో నిలిచిపోయింది. మీ అత్తగారు చేస్తున్న పనే ఒకప్పుడు పారిస్‌లోనూ జరిగిందన్నమాట.

ఇక పనిలోకి దిగుదాం. చెయ్యి గొంతు మీద పెట్టుకుని "స్స్స్" అనండి. గొంతు మోగదు, గాలి మాత్రమే పోతుంది. "ఇ" అనండి, గొంతు మోగుతుంది. మీకు కావాల్సిన కొలబద్ద ఇదే. 'స్టార్' అన్నప్పుడు ట విడిచేదాకా చేతి కింద ఏమీ కదలకూడదు. మొదట్లోనే మోగిందంటే ఇ వచ్చేసినట్టు. చెవి మనల్ని మోసం చేస్తుంది, ఎందుకంటే చిన్నప్పట్నుంచీ విన్నది దానికి సరిగానే వినిపిస్తుంది. చెయ్యి మోసం చెయ్యదు.

తర్వాత 'మాస్టారు' తీసుకోండి. మూడుసార్లు పైకి అనండి. తర్వాత మూడుసార్లు 'మా' మాత్రం గుసగుసగా, 'స్టారు' పైకి అనండి. ఆ తర్వాత 'మా'ని మనసులోనే అనుకుని, పైకి 'స్టారు' అనండి. చివరి ఉ తీసేస్తే మీకు కావాల్సిన 'స్టార్' వచ్చేసింది. ఎక్కడైనా ఇ తిరిగొస్తే గట్టిగా ప్రయత్నించకండి, ఒక మెట్టు వెనక్కి దిగి గుసగుస దగ్గర మళ్ళీ మొదలుపెట్టండి. ఇదే దారిలో 'చూస్కో' నుంచి 'స్కో' విడదీస్తే 'స్కోర్' దొరుకుతుంది, 'ఆస్పత్రి' నుంచి 'స్ప' విడదీస్తే 'స్పాట్' దొరుకుతుంది. అద్దం ముందు చేసేవాళ్ళకి స్ప అన్నిటికన్నా తేలిక. స్ పలికేది నాలుక, ప మూసేది పెదవులు, ఒకదాని దారికి ఒకటి అడ్డం రాదు. స్ పోతుండగానే పెదవులు దగ్గర పడటం అద్దంలో కనిపించాలి.

తేడా వచ్చేది సాధారణంగా రెండు చోట్ల. మొదటిది, స్ మరీ పొట్టిగా పలకడం. గాలి చాలకపోతే నోరు వెంటనే ఇ ని పిలుస్తుంది. అందుకని మొదటి వారం స్ ని ఒక సెకను పాటు సాగదీయండి. వినడానికి పాము బుసలా ఉన్నా ఫరవాలేదు, ఇంట్లోనే కదా. అలవాటయ్యాక అదే కుదురుకుంటుంది. రెండోది, సాగదీసిన స్ కీ ట కీ మధ్య ఖాళీ రావడం. అప్పుడు ముందు నుంచి తరిమిన అచ్చు మధ్యలో దూరి 'సుటార్' అవుతుంది. దీనికి కారణం మన ట. తెలుగు ట కోసం నాలుక కొస వెనక్కి మడతపడాలి. స్ ఉన్న చోటు నుంచి అక్కడికి కొంత దూరం, ఆ ప్రయాణంలో గాలి తెగిపోతుంది. పాత రాతల్లో 'ష్టేషన్' అని కనిపించేది చూడండి, ట కోసం స్ కూడా వెనక్కి నడిచి ష్ అయింది. మీరు నాలుకని మడవకండి. పై పళ్ళ వెనక ఉన్న చిగురు గట్టు దగ్గరే స్ పలుకుతుంది కదా, కొసని అక్కడే వెంట్రుక వాసి పైకి ఎత్తి అంటించండి, అదే ట అవుతుంది. ప్రయాణం లేకపోతే అచ్చుకి చోటుండదు.

'స్ట్రీట్', 'స్క్వేర్', 'స్ప్రింగ్' లాంటి మూడు హల్లుల మాటలకి వెనక నుంచి రండి: రీట్, ట్రీట్, స్ట్రీట్.

ఒంటరి మాటలు కుదిరాక వాక్యంలో పెట్టాలి. అక్కడ అసలు సంగతి ముందు మాట ఎలా ముగిసిందన్నది. ముందు అచ్చుంటే మీ పని చాలా తేలిక. 'మై స్కూల్', 'ద స్టోరీ' అన్నప్పుడు హైస్కూలులో లాగే స్ వెనక్కి ఆనుకుంటుంది: మైస్, కూల్. ముందు మాట స, జ తో ముగిసినా తేలికే. 'ప్లీజ్ స్టాండప్' కలిపి అంటే 'ప్లీస్టాండప్', రెండూ ఒక్క స్ లో కలిసిపోతాయి. బస్టాండుకి జరిగింది ఇదే. మిగతా హల్లులతో ముగిస్తేనే ప్రమాదం. 'గుడ్ స్టూడెంట్'లో ఇ దూరిందంటే 'గుడ్డిస్టూడెంట్' అవుతుంది. పిల్లవాడిని మెచ్చుకోబోయి గుడ్డివాడన్నట్టు! దీనికి మందు రైల్వేలో ఉంది. గూడ్స్ బండి అనడం అందరికీ వచ్చు, అందులో డ్ తర్వాత స్ నేరుగా వస్తుంది. 'గుడ్ స్కూల్'ని 'గుడ్స్ కూల్' అని తెంపి అనండి, తర్వాత దగ్గరికి జరపండి.

అన్నిటికన్నా కష్టమైన చోటు, నిశ్శబ్దం తర్వాత మొదటి మాట. మీ దురదృష్టం, 'స్టూడెంట్స్, స్టాండప్' అన్నది సరిగ్గా అక్కడే ఉంది. క్లాసులో అడుగుపెట్టగానే, ముందు ఏ మాటా లేకుండా, గొంతెత్తి అనే ఆజ్ఞ. గొంతెత్తాలనుకోగానే గొంతు మోగడం మొదలవుతుంది, స్ కన్నా ముందే ఇ బయటికొచ్చేస్తుంది. కాబట్టి మొదటి రెండు వారాలు ఆ వాక్యాన్ని మార్చేసుకోండి. 'ప్లీజ్ స్టాండప్', 'మై స్టూడెంట్స్' అనండి. 'ఆల్ స్టూడెంట్స్' వద్దు, ల్ మోగే హల్లు, 'ఆలిస్టూడెంట్స్' అవుతుంది. నోరు కుదిరాక పాత వాక్యానికి రండి. అప్పుడు కూడా స్ ని గట్టిగా అనబోకండి, స్ ఎప్పటికీ గుసగుసే. గొంతు పెంచాల్సింది టూ దగ్గర, టా దగ్గర.

సాధనకి డిక్షనరీ మొత్తం అక్కర్లేదు. మీరు రోజూ క్లాసులో వాడేవి చూస్తే స్టాండప్, స్టూడెంట్స్, స్టార్ట్, స్టాప్, స్పెల్లింగ్, స్పీక్, స్కేల్, స్కెచ్, స్టోరీ, స్ట్రెయిట్ లైన్, స్క్వేర్ ఇలా ఓ పదిహేను మాటలుంటాయి. ఒక్కోదాన్నీ మూడు చోట్ల అనండి: అచ్చు తర్వాత, హల్లు తర్వాత, నిశ్శబ్దం తర్వాత. పొద్దున్న పది నిమిషాలు చాలు. వారానికోసారి ఫోనులో రికార్డు చేసుకుని మర్నాడు వినండి, అప్పటికప్పుడు వింటే అనాలనుకున్నదే వినిపిస్తుంది. వినేటప్పుడు మాట మొదలు ఒక్కటే వినండి, మిగతా తప్పులు లెక్కపెట్టకండి. మామూలుగా ముందు చదివేటప్పుడు సరవుతుంది, తర్వాత నెమ్మదిగా మాట్లాడేటప్పుడు. పిల్లల మీద కేకేసినప్పుడు ఇ చాలాకాలం వస్తూనే ఉంటుంది. దసరా సెలవుల తర్వాత కూడా ఆ ఒక్క చోట మిగిలితే కంగారు పడకండి.

'స్కేప్' సంగతి. ఇది ఇ మానాలని పట్టుబట్టిన వాళ్ళందరికీ ఎదురయ్యేదే. ఇ ని చూడగానే నరికెయ్యడం మొదలవుతుంది, దాంతో 'ఎస్కేప్', 'ఎస్టిమేట్', 'ఎస్టాబ్లిష్', 'ఎస్పెషల్లీ' తలలు పోగొట్టుకుంటాయి. ఇక్కడ రాత మీకు సాయం చేస్తుంది. ఇంగ్లీషు స్పెల్లింగ్‌ని నమ్మొద్దంటారు గానీ, ఈ ఒక్క విషయంలో నమ్మొచ్చు. మొదటి అక్షరం ఎస్ అయితే ముందు అచ్చు లేదు, ఎస్ కి ముందు ఇంగ్లీషు ఇ అక్షరం కనిపిస్తే అచ్చు ఉంది. పాఠం చెప్పేముందు పేజీలో ఇలాంటి మాటలు రెండో మూడో ఉంటాయి, పెన్సిలుతో కింద గీత గీసుకోండి. అచ్చు ఉన్నవాటికి మాత్రమే గీయండి, రెండు రకాలకీ గీస్తే క్లాసులో ఏది ఏదో తెలియదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఏమీ చెయ్యకుండా ఊరుకోవచ్చా? మీరు దుకాణం నడుపుతుంటే ఊరుకోండనే చెప్పేవాణ్ణి, 'ఇస్టీలు గిన్నె' అంటే అర్థంకాని వాళ్ళెవరూ లేరు. మీ పని వేరు. మూడో తరగతి పిల్లలు విన్నది విన్నట్టు రాస్తారు. డిక్టేషన్‌లో మీరు 'ఇస్టోరీ' అంటే, కథ రాయాలో 'హిస్టరీ' రాయాలో వాళ్ళకి తెలియదు. 'ద ట్రైన్ స్టాప్డ్' అని మీరనుకున్నది వాళ్ళకి 'ద ట్రైన్ ఈజ్ స్టాప్డ్' అని వినిపించి, లేని 'ఈజ్' వాక్యంలో వచ్చి చేరుతుంది. అనుమానముంటే రేపే చూడండి. పదిహేను మాటల డిక్టేషన్ పెట్టి, ఎంతమంది ముందు ఇ గానీ ఐ గానీ రాశారో లెక్కపెట్టండి. ఒకరిద్దరైతే అది వాళ్ళ సొంత తప్పు, సగం క్లాసైతే మీ నోటిది.

కోర్సు గురించి. ఈ ఒక్క అలవాటు కోసమే అయితే 12,000 దండగ అని నా అభిప్రాయం, ప్రతి వారం రెండు రోజుల ప్రయాణం అదనం. అయితే ఒంటరిగా సాధన చెయ్యలేని వాళ్ళుంటారు, వినేవాళ్ళు ఎదురుగా ఉంటేనే నోరు దారిలో పడుతుంది. మీరు అలాంటివారైతే చేరేముందు ఒక్కటి అడగండి: మొదటి రోజు నా మాట రికార్డు చేసి, ఏ శబ్దం ఎక్కడ మారుతోందో రాసి చూపిస్తారా? చూపిస్తామంటే ఆలోచించండి. బ్రిటిష్ యాస నేర్పిస్తామంటే వద్దు. అది మీరడిగిన పని కాదు, పైగా ఉన్న ఇంగ్లీషు మీద నమ్మకం పోతుంది. మూడో దారి, బడిలోనే ఇంకో టీచరుతో జత కట్టడం. ఆవిడ వారంలో ఒక పీరియడు మీ క్లాసులో వెనక కూర్చుని, ఇ వచ్చినప్పుడల్లా కాగితం మీద ఒక గీత గీస్తే చాలు. డబ్బు ఖర్చు లేదు గానీ, ఆ కాగితం స్టాఫ్ రూములో కబుర్లలోకి వెళ్ళే ప్రమాదం ఉంది. మనిషిని చూసి ఎంచుకోండి. ఏ దారి పట్టినా హెడ్మాస్టరుగారికి "నేర్చుకుంటున్నాను" అని మాత్రం చెప్పకండి. ఈ నెల డిక్టేషన్ కాగితాలు దాచి, సెలవులయ్యాక అవే మాటలతో ఇంకో డిక్టేషన్ పెట్టి, రెండూ పక్కపక్కన చూపించండి.

ఇక మీ అత్తగారు. ఆవిడ ఇంగ్లీషు తప్పుగా మాట్లాడటం లేదు, తెలుగు మాట్లాడుతున్నారు. ముందు ఇ, చివర ఉ తగిలించుకున్న 'ఇస్కూలు' ఎప్పుడో తెలుగు మాటైపోయింది. 'రోడ్డు', 'బస్సు' అయినట్టే. రోడ్డులో ఉ తప్పని మీరు పాపకి చెప్పడం లేదు కదా. పిల్లలకి ఇంట్లో మాట, బడిలో మాట వేరని తెలుసు. నాన్నమ్మతో 'ఇస్కూలు' అన్న పాపే రైమ్ చదివేటప్పుడు 'స్కూల్' అనగలదు, బడిలో టీచరు సరిగా అంటే. అంటే పాప విషయంలోనూ సరిచెయ్యాల్సిన నోరు అత్తగారిది కాదు. మీరు అడ్డుతగలడం మానెయ్యండి. పాప ఇంగ్లీషు చదువుతూ 'ఇస్టార్' అంటే మాత్రం తిట్టకుండా, మాస్టారు ఆటలా ఆడించండి. నాన్నమ్మ కూడా ఆ ఆటలో కలిస్తే కలవనివ్వండి. 'టేసను' అన్నావంటే ఓడిపోయినట్టేనని పాప అంటుంది, ఆవిడ కావాలనే అని ఓడిపోతారు.